220 అంటే ఏమిటో లేబుల్ మీద మాటల్లో రాయాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. తినుబండారాల్లో కలిపే పదార్థాలకు ఇచ్చే నెంబర్లున్న ప్యాకెట్ కొంటే విషం కొన్నట్టేనంటూ ఒక మెసేజ్ ఈ మధ్య నాకు నలుగురు పంపారు. అందులో ఇచ్చిన నెంబర్ల జాబితాలో 300, 330 కూడా ఉన్నాయి. 300 అంటే విటమిన్ సి, 330 అంటే నిమ్మరసంలో ఉండే సిట్రిక్ యాసిడ్. అన్నింటినీ ఒకే గాటన కట్టేస్తే, కొందరు నిజంగా చూసుకోవాల్సిన నెంబర్లు ఆ గుంపులో కలిసిపోతాయి. మా ఇంట్లో జరిగింది అదే.

మా తమ్ముడికి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. ఒక సాయంత్రం ఎండు ఆప్రికాట్లు నాలుగైదు తిన్నాడు. పది నిమిషాలు గడవకముందే పొడిదగ్గు, ఛాతీ బిగదీసినట్టు ఉండటం, పిల్లికూతలు మొదలయ్యాయి. ఇన్‌హేలర్ పీల్చాక సర్దుకుంది. ఆ పండు పడలేదనుకున్నాం. కానీ కొన్నాళ్లకు ఇంకో చోట అదే పండు తింటే ఏమీ కాలేదు. అప్పుడు రెండు ప్యాకెట్లూ పక్కపక్కన పెట్టి చూశాను. ఇబ్బంది పెట్టినవి నిగనిగలాడే నారింజ రంగులో ఉన్నాయి. రెండోవి గోధుమ రంగుకు తిరిగి, చూడ్డానికి అంత బాగాలేవు. మొదటి ప్యాకెట్ వెనక, అతుకు మడతలో సగం దాక్కుని 'ప్రిజర్వేటివ్ 220' అని ఉంది. భూతద్దం పెడితే గానీ కనబడలేదు.

220 అంటే సల్ఫర్ డయాక్సైడ్. 221 నుంచి 228 వరకు దాని బంధువులే. వీటన్నింటినీ కలిపి సల్ఫైట్లు అంటారు. నెంబరు ముందు 'ఇ' అనే ఇంగ్లిష్ అక్షరం ఉన్నా, 'ఐఎన్ఎస్' అని ఉన్నా పదార్థం అదే. కోసిన పండు నల్లబడకుండా, బూజు పట్టకుండా వాడతారు. ఆ నిగనిగ దాని చలవే. పులుపు తగిలితే సల్ఫైట్ల నుంచి సల్ఫర్ డయాక్సైడ్ వాయువు బయటికొస్తుంది. నమిలి మింగేటప్పుడు అది కొంచెం ఊపిరితో లోపలికి పోతుంది. మామూలువాళ్లకు తెలియను కూడా తెలియదు. ఉబ్బసం ఉన్నవాళ్లలో నూటికి మూడు నుంచి పది మందికి మాత్రం శ్వాసనాళాలు బిగుసుకుంటాయని అంచనా. ఉబ్బసం అదుపులో లేనివాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ.

ఎంత తిన్నామన్నదీ ముఖ్యమే. కిలోకి 10 మిల్లీగ్రాములు, అంతకు మించి సల్ఫైట్లుంటే లేబుల్ మీద చెప్పి తీరాలన్నది అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం. ఎండుపండ్లలో కిలోకి 1000 మిల్లీగ్రాములు కూడా ఉండొచ్చు. అంటే 40 గ్రాముల గుప్పెడు తింటే 40 మిల్లీగ్రాములు లోపలికి పోయినట్టు. కిలోకి 10 ఉన్న పదార్థం అంతే తింటే 0.4 మిల్లీగ్రామే. లేబుల్ మీద రెండింటికీ కనబడేది ఆ ఒక్క నెంబరే, ఎంత కలిపారో ఉండదు.

మావాడికి చర్మం మీద చేసే అలర్జీ పరీక్షలో ఏమీ తేలలేదు. ఇది చాలామందిలో అసలైన అలర్జీ కాదు కాబట్టి ఆ పరీక్షకు దొరకదని డాక్టరు గారు చెప్పారు. ఆస్పత్రిలో, పక్కన మందులు పెట్టుకుని కొద్దికొద్దిగా ఇచ్చి చూస్తేనే ఖాయంగా తెలిసింది. ఇంట్లో తిని పరీక్షించుకునే పని కాదిది. ఇంకో తికమక కూడా ఉంది. సల్ఫా మందులు పడనివాళ్లు సల్ఫైట్లకు భయపడక్కర్లేదు. సల్ఫేట్ అనేది కూడా వేరే పదార్థం. పేర్లు వినడానికి దగ్గరగా ఉంటాయి, అంతే.

ఒంటిమీద తరచూ దద్దుర్లు లేచేవాళ్లలో కొద్దిమందికి 102 నెంబరు పసుపు రంగు, 211 అనే సోడియం బెంజోయేట్ పడకపోవచ్చు. తిన్నది, ఎన్ని నిమిషాలకు ఏమైందన్నది రాసి పెట్టుకుని డాక్టరుకు చూపిస్తే పని సులువవుతుంది.

ప్యాకెట్ లేని చోట ఆ నెంబరు కూడా ఉండదు. అమెరికాలో పచ్చిగా తినే పండ్లు, కూరగాయల మీద సల్ఫైట్లు చల్లడాన్ని 1986లో నిషేధించారు. హోటళ్లలో తాజాగా కనబడాలని చల్లిన వాటిని తిని ఉబ్బసం రోగులు చనిపోయాక తీసుకున్న నిర్ణయమది.

తయారీదారులు నెంబరు పక్కనే 'సల్ఫైట్లు ఉన్నాయి' అని మాటల్లో, అతుకు మడతలో కాకుండా ఎదురుగా అచ్చు వేసేలా అధికారులు చూడాలి. అప్పటిదాకా మీ ఆరోగ్యం పేజీలో ఒక మూల 220 నుంచి 228 వరకు ఉన్న ఈ తొమ్మిది నెంబర్లను కత్తిరించి దాచుకునేలా వేయగలరా?

ఇట్లు,
ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్