మీటరు ఇస్తే సరిపోదు, ఊదించి చూడాలి

సంపాదకులకు నమస్కారం.

ఆస్తమా ఉన్నవారికి, ఊదిన గాలి వేగాన్ని కొలిచే పీక్ ఫ్లో మీటరు కొనుక్కోమని డాక్టర్లు రాసిస్తున్నారు. సంతోషమే. కానీ అందులో ఎలా ఊదాలో, వచ్చిన అంకెను దేనితో పోల్చుకోవాలో ఎదురుగా కూర్చోబెట్టుకుని చూపించేవారు కరవయ్యారు. ఆ లోటు వల్లనే మా ఇంట్లో మీటరు ఐదు నెలలు బీరువాలో పడి ఉంది.

మా అబ్బాయికి 19 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ ఆస్తమా ఉంది. ఊపిరి బిగుసుకుంటున్న సంగతి వాడికి ముందుగా తెలియదు. శ్వాసనాళాలు రోజుకు కొంచెంగా ఇరుకవుతూ వస్తే ఒళ్లు దానికే అలవాటు పడిపోతుందట. ‘బాగానే ఉన్నానమ్మా’ అని ఉదయం చెప్పి, ఆ రాత్రికే ఆసుపత్రిలో చేరిన రోజులున్నాయి. ఇలాంటివారికే మీటరు ఎక్కువ అవసరమని డాక్టరు రాసిచ్చారు. ఇంటికి తెచ్చి, పెట్టెలోని కాగితం చదివి ఊదించాం. 390, 480, 400 వచ్చాయి. మూడింటిలో పెద్దదే రాసుకోవాలని కాగితంలో ఉంది కాబట్టి 480 రాసుకున్నాం. వాడి అత్యుత్తమ అంకె అదే అనుకున్నాం.

తప్పంతా అక్కడే మొదలైంది. నిమిషానికి ఎన్ని లీటర్ల వేగంతో గాలి బయటికి వస్తోందో చెప్పే ఆ అంకెకు ఒంటరిగా అర్థం లేదు. ఆ మనిషి ఆరోగ్యంగా ఉన్నప్పటి తన అత్యుత్తమ అంకెతో పోల్చితేనే అర్థం. అందులో 80 శాతం, ఆపైన ఉంటే ఆకుపచ్చ, 50 నుంచి 80 మధ్య ఉంటే పసుపు, 50 కన్నా తగ్గితే ఎరుపు. 480లో 80 శాతమంటే 384. మా వాడు హాయిగా ఉన్న రోజుల్లో కూడా 380, 375 వస్తుంటే మాకు అన్నీ పసుపు రోజులే. రెండు వారాలు భయపడ్డాం. తరువాత మీటరే చెడిపోయిందనుకుని బీరువాలో పెట్టేశాం.

ఐదు నెలల తరువాత ఒక నర్సమ్మ ‘ఏదీ, నా ముందు ఊదు బాబూ’ అన్నారు. ఆమె చూసింది ముల్లును కాదు, వాడి నోటిని. ఊదే ముందు వాడు బుగ్గలు నింపుకుని, నాలుకతో ఉమ్మినట్టు ఒక్కసారి గాలిని విసురుతున్నాడు. అది ఊపిరితిత్తుల బలం కాదు, నోటిలోని గాలి. ముల్లు మాత్రం ఆ తేడా ఎరగదు, ఎంత ఎగిరితే అంత చూపిస్తుంది. ఊదుతూ దగ్గినా ఇలాగే అబద్ధపు అంకె వస్తుందని ఆమె చెప్పారు.

ఆమె నేర్పిన పద్ధతి ఇది. ముల్లును సున్నాకు దించాలి. నిలబడాలి, లేదా వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవాలి; ఎలా మొదలుపెడితే రోజూ అలాగే. ముల్లు కదిలే గాడికి వేళ్లు అడ్డం రాకూడదు. ఇక పట్టనంతగా గాలి పీల్చి, ఆలస్యం చేయకుండా గొట్టాన్ని పళ్ల మధ్య పెట్టుకుని పెదవులతో బిగించాలి. నాలుక కిందనే ఉండాలి. అప్పుడు ఒక్క ఊపున, ఎంత బలంగా, ఎంత వేగంగా వీలైతే అంతగా ఊదాలి. కొలిచేది మొదటి విసురు వేగాన్ని కాబట్టి గాలంతా ఖాళీ అయ్యేదాకా ఊదనక్కర్లేదు. ఇలా మూడుసార్లు ఊది, పెద్దది రాయాలి, సగటు కాదు. మూడూ దగ్గర దగ్గరగా రావాలి. ఒకటి మాత్రమే 80, 90 ఎక్కువ వస్తే సంబరపడకుండా దాన్ని అనుమానించాలి. మా 480ని ఆ రోజే అనుమానించి ఉండాల్సింది.

దీనికి ఎదురు తప్పు ఇంకా ప్రమాదకరం. సగం గాలే పీల్చి, మెత్తగా ఊదేవారికి అత్యుత్తమ అంకె అసలుకన్నా తక్కువగా నమోదవుతుంది. 80 శాతం గీత కూడా కిందికి జారిపోతుంది కాబట్టి, తరువాత నిజంగా పడిపోతున్నా ఆకుపచ్చగానే కనిపిస్తుంది.

మళ్లీ మొదలుపెట్టాం. ఆస్తమా అదుపులో ఉన్న రెండు వారాల పాటు ఉదయం, సాయంత్రం ఊదిస్తే వాడి నిజమైన అత్యుత్తమ అంకె 400 అని తేలింది. 80 శాతం 320, సగం 200. డాక్టరు ఈ మూడు అంకెలనూ, ఏ గీత దాటితే ఏం చేయాలో కూడా ఒక కార్డు మీద రాసిచ్చారు. ఉదయం లేవగానే, ఉపశమనం కోసం వాడే ఇన్హేలర్ తీసుకోకముందే ఊదాలి. పీల్చాక ఊదితే మందు చేసిన మేలు కొలిచినట్టు అవుతుంది. డైరీలో అంకె పక్కనే రాత్రి దగ్గుతో లేచాడా, ఆ ఇన్హేలర్ ఎన్నిసార్లు వాడాడు అన్నవి కూడా రాస్తాం.

ఆ డైరీ విలువ ఒక జలుబు వచ్చినప్పుడు తెలిసింది. మొదటి రోజు ఉదయం 390, సాయంత్రం 400. రెండో రోజు 370, 390. మూడో రోజు 340, 385. సాయంత్రపు అంకెలు మాత్రమే చూస్తే భయపడాల్సింది కనిపించదు. కానీ ఉదయానికీ సాయంత్రానికీ తేడా 10 నుంచి 20కి, 20 నుంచి 45కు పెరిగింది. తెల్లవారుజామున శ్వాసనాళాలు మామూలుగానే కొంత బిగుస్తాయి. ఆస్తమా చెడుతున్నప్పుడు ఆ బిగింపు ముందు ఉదయపు అంకెలోనే బయటపడుతుంది. నాలుగో రోజు ఉదయం 310. రాత్రి ఒకసారి దగ్గుతో లేచాడు. అయినా ‘బాగానే ఉన్నాను’ అన్నాడు. నేను వాదించలేదు, అంకెలను చుక్కలుగా పెట్టుకునే కాగితం మీద 320 గీత కింద పడిన చుక్కను చూపించాను. కార్డులో ఉన్నట్టే డాక్టరుకు ఫోను చేశాం, ఆయన మందులు మార్చారు. వారానికి ఉదయపు అంకె 380కి చేరింది. ఆసుపత్రి మెట్లెక్కలేదు.

మీటరును అతిగా నమ్మమని నేను చెప్పడం లేదు. అంకె బాగున్నా ఆయాసం, పిల్లికూతలు ఉంటే ఒంటి మాటే వినాలి. మాట పూర్తిచేయలేనంత ఆయాసం ఉన్నవారిని, పెదవులు నీలం తిరిగినవారిని కూర్చోబెట్టి ఊదించడం తగదు. ఇన్హేలర్ ఇస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చిన్నపిల్లలు ఐదేళ్ల లోపు సరిగ్గా ఊదలేరు. ఎదిగే పిల్లలకు ఎత్తుతోపాటు అత్యుత్తమ అంకె కూడా పెరుగుతుంది కాబట్టి పాత గీతలు పనికిరావు. మీటరు మారిస్తే కూడా లెక్క మళ్లీ మొదటికే, ఒక్కో రకానికి కొలత కాస్త వేరుగా ఉంటుంది.

ఆస్తమా రోగులను చూసే ఆసుపత్రులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం. మీటరు రాసిచ్చిన రోజునే రోగి చేత మూడుసార్లు ఊదించి, ముల్లును కాక నోటిని చూడండి. నర్సులకు ఆ పది నిమిషాలు కేటాయించండి. మూడు అంకెల కార్డు ఇవ్వకుండా ఇంటికి పంపకండి. రెండోసారి వచ్చినప్పుడు డైరీ తెచ్చారా అని అడగండి. అడిగేవారు లేకపోతే నెల తిరిగేసరికి రాయడం ఆగిపోతుంది, మా ఇంట్లోనూ ఆగేది. ఇంకొక్క మాట: గీతల కాగితం కూడా ఆసుపత్రే అచ్చువేసి ఇస్తే మేలు. రోజుల గళ్లు ఇరుకుగా, అంకెల గళ్లు ఎత్తుగా ఉన్న కాగితం మీద నాలుగు రోజుల పతనం నిటారుగా దిగిపోతూ కంటికి తగులుతుంది. నేను మొదట గీసుకున్న వెడల్పాటి కాగితం మీద అదే పతనం దాదాపు చదునుగా కనిపించింది.

ఇట్లు,
ఒక ఆస్తమా రోగి తల్లి