పెళ్లికార్డుల కొటేషన్లు: తేల్చే ముందు ఒక్క లెక్క

అందరికీ నమస్కారం. రెండు షాపుల కొటేషన్లూ వచ్చాయి. మొదటాయన కార్డు 22 రూపాయలే అన్నాడు, కానీ కింద చిన్న అక్షరాల్లో గోల్డ్ ఫాయిల్ బ్లాక్‌కి 2,500, డిజైన్‌కి 500 విడిగా ఉన్నాయి. రెండో ఆయన అన్నీ కలిపి 27.

మనకు కావలసినవి 400. మొదటి షాపులో 8,800కి 3,000 కలిపితే 11,800, అంటే కార్డు 29.50 పడుతుంది. రెండోచోట 10,800తో అయిపోతుంది. 600 కార్డులు దాటితేనే మొదటిది చవక. అందుకే మీ మీ లిస్టులు ఆదివారంలోగా పంపండి. తర్వాత ఇంకో 50 వేయించాలంటే మళ్లీ మిషన్ సెట్టింగ్ చార్జీ కట్టాలి.

కాగితం ఇద్దరూ 300 జీఎస్‌ఎం అనే రాశారు, కవరు కూడా కలిపే. అయినా శాంపిల్ మడిచి చూశాను. మొదటిదాంట్లో మడత దగ్గర రంగు చిట్లి తెల్లగీత కనిపించింది, మడత గీత ముందే నొక్కలేదన్నమాట. రెండోది శుభ్రంగా మడత పడింది. మ్యాట్ లామినేషన్ మాత్రం నాకు వద్దనిపిస్తోంది, మూలలకు రాసిన తడి పసుపు దానిమీద నిలవదు, చెయ్యి తగిలితే చెరిగిపోతోంది. పెద్దవాళ్లు ఏమంటారు?