చెరకుకు నీళ్లు నిలబడాలా?

సంపాదకులు గారికి,

మా సహకార సంఘం సర్వసభ్య సమావేశంపై పోయిన వారం మీరు వేసిన వార్త చదివి నాలుగు రోజులు ఊరుకున్నాను. ఇక ఊరుకోలేక రాస్తున్నాను. చెరకుకు నీళ్లు నిలబడాలని, డ్రిప్పు చుక్కలకు గడ లావెక్కదని మా అధ్యక్షుల వారు అక్కడ సెలవిచ్చారు. వ్యవసాయం చదివినవాణ్ణి కదా అని లెక్క చెప్పబోతే, "పిల్లాడు, తర్వాత మాట్లాడతాడులే" అన్నారు. ఆ తర్వాత ఇంతవరకు రాలేదు.

మా ఆత్మకూరు వైపు ఎర్ర ఇసుక నేలలో అయిదెకరాల తోట అనుకోండి. బోరు గంటకు 18 వేల లీటర్లు పోస్తుంది. ఎకరాకు మూడంగుళాల తడి ఇవ్వాలంటే సుమారు 3 లక్షల లీటర్లు, అంటే 17 గంటలు కావాలి. కరెంటు ఉండేది రోజుకు తొమ్మిది గంటలు. అయిదెకరాలూ చుట్టి రావడానికి దాదాపు పది రోజులు, కాలువలో ఇంకిపోయే నీళ్లు కలపకుండానే. ఆ నేల వేళ్ల లోతులో పట్టి ఉంచేది ఆ మూడంగుళాల తడిలో సగం కూడా కాదు. మిగిలింది మనం డబ్బు పోసి కొన్న యూరియాను వెంటబెట్టుకుని అడుక్కి దిగిపోతుంది. ఆరో రోజుకే ఆకులు చుట్టుకుంటాయి, మడవ తిరిగి వచ్చేది మాత్రం పదో రోజుకు.

మండువేసవిలోనైనా చెరకుకు ఎకరాకు రోజుకు 24 వేల లీటర్లు చాలు. అయిదడుగుల సాళ్లలో అర మీటరుకు ఒక డ్రిప్పరు, గంటకు రెండు లీటర్లది, పెట్టి తోటను మూడు భాగాలు చేస్తే, ఒక్కో భాగానికి రెండుంబావు గంటలు. అదే బోరుతో, అదే కరెంటుతో తోటంతా ఏ రోజుకారోజు తడుస్తుంది. ఇరుకు సాళ్ల కార్శి తోటలో మాత్రం గొట్టాలు పరచమనను. కొత్తగా నాటేటప్పుడే సాళ్లు మార్చుకోవాలి.

"గొట్టాలు మూసుకుపోతాయి" అన్నది అధ్యక్షుల వారి రెండో అభ్యంతరం. మూసుకుపోతాయి, నిజమే. చివరి గొట్టంలో చివరి డ్రిప్పరు కింద గ్లాసు పెట్టి పావుగంట చూడండి. అర లీటరు రావాలి. బాగా తగ్గితే డ్రిప్పరు విప్పి చూడాలి. తెల్లటి పొర ఉంటే సున్నం, ఆమ్లం పట్టించాలి. జిగురుగా ఉంటే నాచు, క్లోరిన్ పట్టించాలి. ఒక రాత్రి ఉంచి, గొట్టాల చివరి మూతలు తీసి కడిగేయాలి. ఇసుక ఫిల్టరును వారం వారం కడిగేవాడికి ఈ బాధ చాలా వరకు ఉండదు.

ఇవన్నీ చెప్పవలసిన అధికారులు 2003 నుంచి సూక్ష్మసేద్యం పథకం పేరుతో ఫొటోలకు వస్తూనే ఉన్నారు, గ్లాసు పట్టుకుని ఒక్కరూ రాలేదు. ప్రదర్శన కోసమని సంఘం తెప్పించిన గొట్టాల చుట్టలు గిడ్డంగిలో ఎలుకల పాలవుతున్నాయి. వాటిని నాకివ్వండి, మా నాన్న పొలంలో ఒక ఎకరం కొత్త నాట్లలో పరుస్తాను. పక్క ఎకరానికి పెద్దల పద్ధతిలోనే నీళ్లు నిలబెడదాం. రెండు చోట్లా నరికిన గడ సంఘం కాటా మీదే తూచండి.

— ఒక వ్యవసాయ పట్టభద్రుడు, ఆత్మకూరు ప్రాంతం, నెల్లూరు జిల్లా