గండికోటకు మే నెలలో వద్దు నాయనా

ప్రొద్దుటూరు

చిరంజీవి రఘుకు నాన్న ఆశీస్సులు.

నువ్వు ఫోన్ చేసి నెల దాటింది. పనుల్లో ఉంటావులే. మే రెండో వారంలో ఎవరో బెంగుళూరు వాళ్ళను, పెద్దోళ్ళతో సహా, గండికోటకు పిల్చుకొని వస్తాండావని మీ పెద్దత్త చెప్పింది. వాళ్ళెవరని నేను అడగను. నేను చెప్పేది ఎండ సంగతే.

కడపలో మే నెల పగటి సగటు 40 డిగ్రీలంటారు. అది నీడలో, గాలి ఆడే చెక్కపెట్టెలో పెట్టిన థర్మామీటరు లెక్క. మసీదు దాటి లోయ అంచుకు పోతే అంతా బండలే, నీడ యాడుంది? పదింటికే అడుగు పెట్టనీయవు. పొద్దు గూకినాక కూడా సెగ కక్కుతాంటాయి. టెంటులో పండుకునే మాటైతే పగటి లెక్క కాదు, రాత్రి లెక్క చూడాల. మేలో తెల్లవారుజామున కూడా 27, 28 ఉంటుంది. జనవరిలో ఇరవై లోపే. ఎండైతే బెలుం గుహల్లో దూరొచ్చు అనుకోవద్దు, లోపల ఉక్కకు చొక్కా పిండుకోవాల. ఆ పెద్దాయనకు బీపీ కూడా ఉందంట గదా. సరేలే, నాకెందుకు.

పోనీ వానలు పడినాక అంటావా, అదీ చూసుకోవాల. నైరుతి మేఘాలు పడమటి కనుమల్లోనే సగం కురిసేసి వస్తాయి. అందుకే జూన్, జూలైలో మనకు మబ్బులెక్కువ, వాన తక్కువ. అసలు వాన సెప్టెంబరు, అక్టోబరుల్లో. ఉత్తరాదిలో రుతుపవనాలు వెనక్కిపోయినాయని వార్తల్లో చెప్పేటప్పటికి మనకు బంగాళాఖాతం వానలు మొదలవుతాయి.

వాతావరణ శాఖ వాళ్ళ ముప్పై ఏండ్ల సగటు పట్టికలో నెల వాన ఒక్కటే చూడొద్దు, పక్కనే ఉండే వానరోజులు చూడు. 2.5 మిల్లీమీటర్లు, అంతకన్నా ఎక్కువ పడితేనే వానరోజు. 150 మిల్లీమీటర్లు పది రోజుల్లో పడితే సాయంత్రం జల్లులని అర్థం, తిరగొచ్చు. అదే ఐదు రోజుల్లోనే పడితే కుండపోత, వంకలు పొంగుతాయి.

నవంబరుకు సగటు కూడా నమ్మకం లేదు. 2021 నవంబరులో వాయుగుండం వానకు చెయ్యేరు పొంగి, 19వ తేదీ పొద్దున్నే అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. రాజంపేట దిక్కు ఊర్లకు ఊర్లే మునిగినాయి. ముప్పై ఏండ్ల సగటులో అట్లాంటి రోజు కనపడదు. అందుకే నెల పట్టిక చూసి ఎంచుకున్నా, బయలుదేరే ముందు ఐదు రోజుల హెచ్చరికలు చూడాల. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నారంటే టికెట్ రద్దు చేసుకో, డబ్బు పోతే పోయింది.

కాబట్టి డిసెంబరు సగం నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా పెట్టుకో. సంక్రాంతి నాలుగు రోజులు వదిలెయ్, జనంతో రూములు దొరకవు. లోయ అంచున చలిగాలి కొడుతుంది, నువ్వు మఫ్లర్ తెచ్చుకోవు, ఆ అమ్మాయినన్నా తెచ్చుకోమను.

అమ్మాయి అని పెద్దత్తే అనింది, నేను కాదు. ఎంతమంది వస్తారో మాత్రం రాయి, ఓళిగలకు శనగబేడలు ఎన్ని తేవాలో అని మీ అమ్మ రోజూ అడుగుతాంది.

మీ నాన్న