కలంకారీ వర్క్‌షాపు: రెండు ఆదివారాలు, పది సీట్లు

"అక్కా, పోయినసారి ఒక్కరోజులోనే అయిపోయింది కదా, ఈసారి రెండు ఆదివారాలు ఎందుకు? ఫీజు కూడా పెంచినారే?"

పోయినసారి అయిపోలేదండీ, మేమే అవగొట్టేశాం. అందులో తప్పంతా మాదే.

శ్రీకాళహస్తి పద్ధతిలో ఎరుపుని నేరుగా పూయరు. ఎరుపు ఎక్కడ కావాలో అక్కడ పటిక నీళ్ళు పెట్టి, ఆరబెట్టి, తర్వాత గుడ్డని మంజిష్ఠ వేసిన నీళ్ళలో ఉడకబెడతారు. పటిక ఉన్నచోటే రంగు గట్టిగా పట్టుకుంటుంది. ఆ పటిక నూలులోకి దిగడానికి కనీసం ఒక రోజైనా ఆగాలి. మేం సాయంత్రంలోపు అందరికీ గుడ్డ చేతికిచ్చి పంపాలన్న తొందరలో రెండు గంటలే ఆగాం. ఉతికేటప్పుడు సగం పటిక నీళ్ళలోనే పోయింది. ఎర్రగా రావాల్సిన నెమలి వెలిసిపోయిన గులాబీ రంగులో వచ్చింది. పైగా తొట్టిలో నిలవ నీళ్ళలో జాడించాం కాబట్టి, వదిలిన పటిక పక్కకు పాకి, నెమలి చుట్టూ కూడా అదే గులాబీ. ఆ రోజు వచ్చినవాళ్ళెవరూ ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

అందుకే ఈసారి ఈ నెల 16, 23 ఆదివారాలు, రెండు రోజులూ ఉదయం 10 నుంచి 4 దాకా. చోటు తిరుపతిలో మన షాపు మేడపైనే.

మొదటి ఆదివారం గీత పని. కరక్కాయ పొడి, గేదె పాలు పట్టించి ఎండబెట్టిన గుడ్డ మేమే సిద్ధంగా ఉంచుతాం. పాలలో కొవ్వు లేకపోతే గీత అటూ ఇటూ పాకుతుంది, అందుకని ప్యాకెట్ పాలు వాడం. చింతపుల్ల బొగ్గుతో బొమ్మ గీసుకుని, దాని మీద కలంతో కసిమి పెట్టాలి. కసిమి అంటే పాత ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి 20 రోజులు పులియబెట్టిన నలుపు. వాసన బాగుండదు, ముందే చెప్తున్నా. కలానికి చుట్టిన ఉన్నిని వేళ్ళతో ఎంత నొక్కితే అంత రంగు దిగుతుంది. మొదటి అరగంట అందరికీ చుక్కలే పడతాయి. దానికోసం వేరే చిన్న గుడ్డ ఇస్తాం. సాయంత్రం పటిక పెడతాం. పటిక నీళ్ళకి రంగుండదు, పొరపాటున పడిన చుక్క ఆరిపోయాక కంటికి కనబడదు. వారం తర్వాత ఉడికించినప్పుడు మాత్రం అది ఎర్రచుక్కై బయటపడుతుంది. కాబట్టి ఆ గంట మాత్రం ఫోన్లు పక్కన పెట్టండి.

గుడ్డలు వారమంతా మా దగ్గరే ఉంటాయి. రెండో ఆదివారం పారే నీళ్ళలో ఉతకడం, ఉడకబెట్టడం, ఆరాక కరక్కాయ పువ్వు పసుపు. ఉతకడానికి స్వర్ణముఖికి తీసుకెళ్దామనే ఉంది కానీ నీళ్ళుండాలి కదా, పైపు పెట్టి కానిచ్చేస్తాం. నీలం నేర్పించం. ఖాళీగా వదిలిన గుడ్డ కూడా కాస్త గులాబీ తిరుగుతుంది. దాన్ని తెల్లబరచాలంటే పేడ నీళ్ళలో నానబెట్టి రోజుల తరబడి ఎండలో వేయాలి, అది ఈ రెండు రోజుల్లో కుదరదు. మీ గుడ్డ ఆ లేత రంగుతోనే ఇంటికొస్తుంది.

పది సీట్లే ఎందుకంటే మా రాగి కాగులో పది ముక్కలే కదులుతాయి. అంతకన్నా ఎక్కువ కుక్కితే మడతల్లో రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. ఇది రాస్తున్నప్పటికి నాలుగు సీట్లు అయిపోయినాయి.

ఫీజు మనిషికి రూ. 2,400, పోయినసారి 1,800. పెరిగిన 600లో ఎక్కువ భాగం, శ్రీకాళహస్తి నుంచి వచ్చి నేర్పించే అన్నకి రెండో రోజు కూలీ. 18 అంగుళాల గుడ్డ, సాధన గుడ్డ, సన్నదీ లావుదీ రెండు కలాలు, బొగ్గు, రంగులన్నీ, రెండు రోజులూ మధ్యాహ్నం భోజనం ఇందులోనే. కలాలు మీవే, తీసుకెళ్ళచ్చు. మీరు తెచ్చుకోవాల్సింది పాత చొక్కా ఒకటి. కసిమి మరక పోదు.

సీటు కావాలంటే షాపు వాట్సాప్‌కి "కలంకారీ" అని, మీ పేరుతో మెసేజ్ పెట్టండి. సీటు ఉందని నేను జవాబిచ్చాకే రూ. 500 అడ్వాన్సు వేయండి, ముందే వేయద్దు. మిగతాది మొదటి రోజు ఇవ్వచ్చు. 13, గురువారం రాత్రిలోపు రాలేమని చెప్తే అడ్వాన్సు మొత్తం వెనక్కి ఇస్తాం. శుక్రవారం పొద్దున గుడ్డలు పాలలో వేసేస్తాం, ఆ తర్వాత ఇవ్వలేను. రెండో ఆదివారం ఒక్కటే కుదరకపోతే ఫరవాలేదు, మీ గుడ్డ మేం ఉడికించి ఉంచుతాం.

పోయినసారి వచ్చిన ఎనిమిది మందీ రెండో ఆదివారం డబ్బులేమీ ఇవ్వకుండా రండి, ఆ గులాబీ నెమళ్ళని సరిచేద్దాం. మళ్ళీ పటిక పెట్టి, వేరే కాగులో విడిగా ఉడికిద్దాం. పటిక ముందురోజే పెట్టాలి కాబట్టి 22, శనివారం సాయంత్రంలోపు ఆ గుడ్డ షాపులో ఇచ్చి వెళ్ళండి.