మీ ముఖకాంతి క్రీము ప్రకటనపై ఫిర్యాదు

గుంటూరు

వినియోగదారుల ఫిర్యాదుల విభాగం అధిపతి గారికి,

విషయం: నాలుగు వారాల్లో రంగు మారుతుందని చూపించే మీ టీవీ ప్రకటన, ట్యూబు పెట్టెలోని రంగుల పట్టీ గురించి.

అయ్యా / అమ్మా,

నేను జూనియర్ కళాశాలలో రసాయనశాస్త్రం చెబుతాను. ఈ ఫిర్యాదు మాత్రం ఒక మేనత్తగా రాస్తున్నాను. మా తమ్ముడి కూతురు డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. ఉద్యోగాల ఇంటర్వ్యూలు దగ్గరపడుతున్నాయని మీ యాభై గ్రాముల ట్యూబు కొనుక్కుంది. తెలివైన పిల్ల, మార్కులకు లోటు లేదు. అయినా ముందు సరిచేసుకోవలసింది తన ముఖమేనని దానికి తోచింది. ఆ ఆలోచన ఇంట్లో ఎవరూ నూరిపోసింది కాదు. మా ఇంట్లో అందరిదీ చామనఛాయే, నలుపు నారాయణ మెచ్చు అంటూ పెరిగినవాళ్లమే. కాబట్టి ఎక్కడినుంచి వచ్చిందా అని మీ ప్రకటనను ఫోనులో పెట్టుకుని, ఆపి ఆపి చూశాను.

మొదట ఒక అమ్మాయి ఇంటర్వ్యూ గది బయట కూర్చుని ఉంటుంది. గదిలో వెలుతురు తక్కువ. ఆమె తల వంచుకుని, ఫైలు గుండెకు హత్తుకుని, ఎవరి కళ్లలోకీ చూడకుండా ఉంటుంది. లోపలికి వెళ్లి ఒక్క జవాబూ చెప్పలేక బయటికి వస్తుంది. స్నేహితురాలు మీ ట్యూబు చేతిలో పెడుతుంది. తరువాత మొదటి వారం, రెండో వారం అంటూ నాలుగు ముఖాలు వరుసగా జరుగుతాయి. నాలుగో ముఖం కిటికీ పక్కన, ఎండ వెలుగులో నవ్వుతూ ఉంటుంది. ఈసారి ఇంటర్వ్యూలో అమ్మాయి గడగడా మాట్లాడుతుంది, ఉద్యోగం వస్తుంది. ఈ మధ్యలో ఆమె ఒక్క పుస్తకమైనా తెరిచినట్టు మీరు చూపించలేదు.

ఇక ఆపి చూస్తే కనిపించేవి చెబుతాను. మొదటి ముఖంలో బుగ్గలు, నుదురు ముదురు గోధుమ రంగులో ఉన్నాయి. జుట్టు పక్కకు జరిగినచోట చెవి తమ్మె మాత్రం తేటగా ఉంది. అంటే ఆ ముదురు రంగు ఆ అమ్మాయి చర్మానిది కాదు, మేకప్‌ది. నాలుగో వారంలో ఫైలు పట్టుకున్న చేతులు కూడా ముఖంతో పాటు తెల్లబడ్డాయి. మీ ట్యూబు మీద ముఖానికీ మెడకూ రాసుకోమని మాత్రమే ఉంది. చేతులకు రాయని క్రీము చేతుల రంగు ఎలా మార్చిందో సెలవిస్తే, పాఠంలో చేర్చుకుంటాను.

నాలుగు ముఖాలు జరిగే సమయంలో తెర అడుగున ఇంగ్లిషులో చీమ తలకాయలంత అక్షరాలు వస్తాయి. ఇది ఊహాచిత్రం మాత్రమేనని, ఫలితాలు వ్యక్తిని బట్టి మారతాయని, నాలుగు వారాల మాట వాడినవారు తమ ముఖం గురించి తామే చెప్పిన అభిప్రాయం మీద ఆధారపడిందని వాటి సారాంశం. మాటలన్నీ తెలుగులో, షరతు మాత్రం ఇంగ్లిషులో. తప్పుదోవ పట్టించే ప్రకటనల నివారణకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో జారీ చేసిన మార్గదర్శకాలు దీన్ని స్పష్టంగా కాదంటున్నాయి. ప్రకటనలో హామీ ఏ భాషలో ఉంటే వివరణ కూడా అదే భాషలో ఉండాలి, అక్షరాలు హామీ అక్షరాల్లాగే ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, తప్పుదోవ పట్టించే హామీని సరిదిద్దడానికి వివరణను వాడకూడదు, ప్రధాన హామీకి అది విరుద్ధంగా ఉండకూడదు. పైన బొమ్మలో రంగు మారిందని చూపించి, కింద అది బొమ్మేనని రాయడం విరుద్ధం కాకపోతే మరేమిటి?

క్రీము సంగతికి వస్తాను. పెట్టె మీద మీరు పెద్దగా వేసుకున్న పేరు నియాసినమైడ్. అది బి3 విటమిన్‌లో ఒక రూపం, మంచి పదార్థమే. చర్మం అడుగు పొరల్లో మెలనోసైట్లు అనే కణాలు చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను చిన్న చిన్న సంచుల్లో తయారు చేసి పైనున్న కణాలకు అందిస్తాయి. నియాసినమైడ్ ఆ అందజేతను కొంత తగ్గిస్తుంది. ఆపడం దాని వల్ల కాదు. రెండు నుంచి ఐదు శాతం మోతాదులో, వారాల తరబడి వాడితే మచ్చలు కొద్దిగా పలచబడినట్టు పరిశోధనల్లో తేలింది. వాడకం మానితే మెలనిన్ మళ్లీ యథాప్రకారం చేరుతుంది. ఇక పుట్టుకతో వచ్చిన రంగు జన్యువుల నిర్ణయం. నల్లటి మనిషిలోనూ తెల్లటి మనిషిలోనూ మెలనోసైట్ల సంఖ్య దాదాపు ఒకటే. తేడా అంతా ఆ సంచుల పరిమాణంలో, అవి పరుచుకునే తీరులో ఉంటుంది. పైపూతగా రాసే సౌందర్య సాధనం దాన్ని తిరగరాయలేదు.

మీ ట్యూబులో ఆ రెండు శాతమైనా ఉందో లేదో కొన్నవారికి తెలిసే మార్గం లేదు. ఒక శాతం కంటే ఎక్కువున్న పదార్థాలను పరిమాణాన్ని బట్టి పెద్ద నుంచి చిన్నకు వరుసగా రాయాలి, ఆ లోపున్న వాటిని ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. మీ పట్టికలో నియాసినమైడ్ బాగా కిందికి, నిల్వకోసం కలిపే పదార్థాలకు దగ్గరగా ఉంది. అది ఒక శాతానికి పైనో కిందో మీకు మాత్రమే తెలుసు. ఎంత ఉందో రాయకుండా పేరును మాత్రం పెట్టె ముందుభాగంలో అరచేయంత అక్షరాలతో అచ్చువేశారు.

రాసుకున్న వెంటనే ముఖం తేటపడుతుంది కదా అని మా పిల్ల అడిగింది. తేటపడుతుంది, ఎందుకంటే పట్టికలో టైటానియం డయాక్సైడ్ ఉంది. అది గోడల రంగుల్లోనూ వాడే తెల్లని పొడి. చర్మం మీద సన్నని తెల్లని పొరలా నిలుస్తుంది. ఇద్దరం కలిసి పరీక్ష చేశాం. పిల్ల ఎడమచేతి వెనకభాగంలో సగానికి క్రీము రాసి, మీ పెట్టెలోనే ఇచ్చిన రంగుల పట్టీ పక్కన పెట్టి చూశాం. ట్యూబులైటు కింద రెండు గళ్లు తేట. కిటికీ దగ్గరికి వెళ్లేసరికి, క్రీము రాయని సగం కూడా ఒక గడి తేటగా కనిపించింది. సబ్బుతో కడిగాక రెండు సగాలూ ఒకటే. వెలుతురు మారితే గడి మారే కాగితాన్ని కొలబద్ద అంటారా? ఈ వ్యాపారంలో అందరికంటే పెద్ద సంస్థే ఇలాంటి పట్టీలను, రెండు ముఖాల బొమ్మను 2019లో పెట్టెల నుంచి తీసేసింది, 2020లో క్రీము పేరు కూడా మార్చింది. మీరు పేరులో కాంతిని చేర్చుకుని, పట్టీని మాత్రం అలాగే ఉంచుకున్నారు.

ఎండకు కమిలిన ముఖం కొంత తేరుకునే అవకాశం లేకపోలేదు. దాని హద్దు తెలుసుకోవాలంటే పై చేతి లోపలివైపు, ఎండ తగలని చర్మం చూసుకోవాలి. మీ క్రీము ఎంత గొప్పగా పనిచేసినా ముఖం ఆ రంగు దాకా వెళ్లవచ్చేమో, దాన్ని దాటి పోదు. మా పిల్లకు ఆ రంగుకూ ముఖం రంగుకూ పెద్ద తేడా లేదు, కాబట్టి మీ నాలుగు ముఖాల ప్రయాణానికి అక్కడ చోటే లేదు. ఆ కాస్తకైనా ఎండ నుంచి రక్షణ ఉండాలి. మీ ట్యూబు మీద ఎస్‌పీఎఫ్ 15 అని ఉంది. ఆ అంకెను ప్రయోగశాలలో చదరపు సెంటీమీటరుకు రెండు మిల్లీగ్రాముల చొప్పున రాసి కొలుస్తారు. ముఖానికీ మెడకూ కలిపి ఒక గ్రాముకు పైనే పడుతుంది. మీరు బఠాణీ గింజంత చాలన్నారు. అంత పలచగా రాస్తే పదిహేను అన్న అంకెకు అర్థం ఉండదు.

చట్టంలో ఉన్న ఒక వింత కూడా మీ దృష్టికి తేవాలి. మన ఔషధ నిబంధనల్లో షెడ్యూల్ జె అని ఒక జాబితా ఉంది. అందులోనివి నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడదు. క్యాన్సర్, మధుమేహం, బట్టతల పక్కనే చర్మాన్ని తెల్లబరచడం కూడా ఆ జాబితాలో ఉంది. మందు ఇవ్వకూడని హామీని, మందుకు ఉన్న పరీక్షలేవీ లేని సౌందర్య సాధనం రోజూ సాయంత్రం సీరియల్ మధ్యలో ఇస్తోంది. ఇలాంటి ప్రకటనలను నేరంగా చేర్చే సవరణ ముసాయిదాను కేంద్ర ఆరోగ్య శాఖ 2020 ఫిబ్రవరిలో విడుదల చేసింది కూడా.

కానీ నా అసలు కోపం క్రీము మీద కంటే మీ కథలోని మొదటి సగం మీద ఉంది. ముదురు రంగు అమ్మాయిని భయస్థురాలిగా, దిగులుగా, ఓడిపోయినట్టు చూపించకూడదని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లోనే నియమం పెట్టింది. ఉద్యోగానికి, పెళ్లికి, ఎదుగుదలకు రంగు అడ్డని సూచించకూడదని కూడా ఉంది. మీ ప్రకటన నడకంతా ఆ నిషేధించిన దాని మీదే నిలబడింది. మొదటి సగం తీసేస్తే రెండో సగంలో అమ్మడానికి ఏమీ మిగలదు. ముందు ఆ పిల్లకు లేని లోపం అంటగట్టాలి, అప్పుడే ట్యూబు అవసరం పడుతుంది. ఇంకో కిటుకు కూడా ఉంది. నాలుగు వారాల తరువాత ముఖం మారకపోతే పిల్లలు మిమ్మల్ని అడగరు, సరిగ్గా రాయలేదేమో, ఇంకో ట్యూబు వాడాలేమో అనుకుంటారు. మా పిల్ల అన్నదీ అదే. మీ వస్తువు పనిచేయకపోవడమే మీకు రెండో అమ్మకం తెచ్చిపెడుతోంది. ఇంతకంటే దారుణమైన సంగతి, మీ మాట నమ్మి విసిగినవాళ్లు ఆ తరువాత మందుల దుకాణంలో చీటీ లేకుండా దొరికే స్టెరాయిడ్ క్రీముల వైపు, పాదరసం కలిపిన పేరులేని డబ్బాల వైపు వెళుతున్నారు. అవి నిజంగానే కొన్నాళ్లు తెల్లబరుస్తాయి. ఆ తరువాత ముఖం ఎర్రబడి, చర్మం పలచబడి, పాదరసమైతే మూత్రపిండాల దాకా పోతుంది. వాటిని మీరు తయారు చేయడం లేదు, నిజమే. ఆ ఆకలిని పుట్టించేది మీరే.

మీ నుంచి కోరేవి ఇవి. నియాసినమైడ్ శాతం ఎంతో రాతపూర్వకంగా తెలపండి. నాలుగు వారాల మాటకు ఆధారమైన పరీక్ష నివేదిక పంపండి. ఎంతమంది మీద చేశారు, పరికరంతో కొలిచారా, లేక వాడినవాళ్లను అడిగి రాసుకున్నారా, నియాసినమైడ్ లేని ఉత్త క్రీముతో పోల్చారా అన్నవి అందులో ఉండాలి. ఇంటర్వ్యూ ప్రకటనను, రంగుల పట్టీని ఉపసంహరించండి. ట్యూబు ఖరీదు మా పిల్లకు తిరిగి ఇవ్వండి. మొత్తం చిన్నదే, అయినా ఇవ్వండి.

ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో, ప్రకటనల ప్రమాణాల మండలిలో, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థలో ఫిర్యాదు నమోదు చేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఆ ప్రాధికార సంస్థ మొదటి తప్పుకు పది లక్షల రూపాయల దాకా జరిమానా విధించగలదని, ప్రకటనలో నటించిన తారను కూడా ఏడాది పాటు ప్రకటనలకు దూరంగా ఉంచగలదని మీ న్యాయ విభాగానికి తెలిసే ఉంటుంది. ఫలితాలు వ్యక్తిని బట్టి మారతాయనే అచ్చు జవాబు మాత్రం పంపవద్దు, అది మీ ప్రకటన అడుగున ఇప్పటికే చదివాను.

భవదీయురాలు,
రసాయనశాస్త్ర అధ్యాపకురాలు

జతపరచినవి: కొనుగోలు రసీదు నకలు, ట్యూబు వెనకభాగం ఫోటో, రంగుల పట్టీతో తీసిన మూడు ఫోటోలు, ప్రకటనలో చెవి తమ్మె, చేతులు కనిపించే రెండు తెర చిత్రాలు.