రేపటి సదస్సు పోస్టుల గురించి

అందరికీ నమస్కారమండి. రేపు శ్రీకాకుళంలో కిడ్నీ జబ్బుల సదస్సు నుంచి గ్రూపులో పోస్టులు పెట్టేవాళ్లు ఒక్కసారి ఇది చదవండి. స్లైడు మీదున్నదే మళ్లీ టైపు చేసి పెట్టొద్దు. రాలేనివాళ్లకి కావాల్సింది స్లైడు మీద లేనిది.

ఉద్దానంలో ఫలానా ఊళ్లో ఇంతమందికి క్రియాటినిన్ ఎక్కువుందని స్లైడు వేశారనుకోండి. ఆ అంకె ఒక్కటే పంపితే ఊరంతా కంగారు పడుతుంది. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అని తేల్చాలంటే ఆ తేడా 3 నెలలు దాటినా కనబడాలి. అందుకని రెండోసారి పరీక్ష చేశారో లేదో చూడండి. చెప్పకపోతే ప్రశ్నల టైములో అడగండి, ఆ తర్వాతే పోస్టు పెట్టండి. ఇలా:

"ఫలానా ఊరి సర్వే: రక్తపరీక్ష ఒక్కసారే చేశామని, అడిగితే వక్త చెప్పారు. నా మాట: ఇది జబ్బు తేలినవాళ్ల లెక్క కాదు, మళ్లీ పరీక్ష చేయాల్సినవాళ్ల లెక్క."

"నా మాట" అని విడిగా రాయడం మర్చిపోవద్దు. లేకపోతే మన అభిప్రాయం డాక్టరుగారి ఖాతాలో పడిపోతుంది (పేపర్లవాళ్లు కూడా ఈ గ్రూపులో ఉన్నారు మరి). ఒక్కో ప్రసంగానికి రెండు మూడు పోస్టులు చాలు, కాస్త ఆలస్యమైనా పర్లేదు. పేషెంట్ల మొహాలున్న స్లైడు మాత్రం అస్సలు ఫొటో తీయొద్దు.